రెండు వందల మంది పిల్లల కిచిడీలో పప్పు లెక్క

ప్రాథమిక తరగతుల పిల్లవాడికి మధ్యాహ్న భోజనంలో 12 గ్రాముల ప్రొటీను అందాలన్నది నిబంధన. 100 గ్రాముల బియ్యం నుంచి దాదాపు ఏడు గ్రాములు, 20 గ్రాముల పెసరపప్పు నుంచి దాదాపు ఐదు గ్రాములు వస్తాయి కనుక, రెండు వందల మందికి 20 కిలోల బియ్యం, 4 కిలోల పప్పు కాటా వేసే తీసుకోవాలి. బియ్యానికి కొదవలేని మన కోనసీమలో తగ్గేది ఎప్పుడూ పప్పే.

నీళ్లను మాత్రం ఇంటి కొలతతో హెచ్చించకూడదు, ఎందుకంటే పెద్ద గుండిగలో ఆవిరయ్యేది దామాషాలో తక్కువ. ముందు 60 లీటర్లు పోసి, అవసరమైతే మరిగే నీళ్లు కలపాలి. ఉడికాక ఖాళీ గుండిగ బరువు తీసేసి తూచండి. 10 కిలోల కూరగాయలతో కలిపి 90 కిలోలు తేలితే ఒక్కొక్కరికి 450 గ్రాములు, అంటే 225 గ్రాములు పట్టే గరిటెతో రెండు. నీళ్లు ఎక్కువై 100 కిలోలైతే అవే రెండు గరిటెల్లో ప్రొటీను పదకొండు గ్రాములకు కూడా చేరదు. అప్పుడు 500 గ్రాములు వడ్డించాలి.

పప్పు అడుగుకు దిగుతుంది. మొదటి వరుస కంచాల్లో పలచగా, చివరి వరుసలో ముద్దగా కనిపిస్తే తెడ్డుతో అడుగు నుంచి కలపలేదనే అర్థం.