ఇంటర్వ్యూ తర్వాత రాసే మెయిల్ - 4వ పాఠం: రెండో పేరా

పోయిన పాఠంలో ఇంటర్వ్యూ గది బయటికి రాగానే ప్యానెల్ అన్న మాటలు కాగితం మీద పెట్టుకోమన్నాను కదా, ఇవాళ ఆ కాగితం తీయండి.

మా తమ్ముడు వరసయ్యే కుర్రాడు మొన్న హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో క్యూసీ అనలిస్ట్, అంటే మందుల నాణ్యత పరీక్షించే ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాడు. ప్యానెల్‌లో ముగ్గురు. మాటల మధ్యలో క్యూసీ మేనేజర్ "పరీక్షలు టైముకే అవుతున్నాయి, లాగ్‌బుక్కులే ఆలస్యమవుతున్నాయి" అన్నారట. వీడు రాసిన మొదటి మెయిల్‌లో ఆ మాటే లేదు! "కష్టపడతాను, త్వరగా నేర్చుకుంటాను" అని ఉంది. అది ఎవరైనా రాయొచ్చు, అందుకే కొట్టేయించాను.

మొదటి పేరా రెండు వాక్యాలు చాలు: ముగ్గురికీ థాంక్స్, ఏ ఉద్యోగానికి ఏ రోజు వచ్చారో. అసలు పని రెండో పేరాది. మెయిల్ ఇంగ్లిష్‌లోనే వెళ్లింది, విషయం మాత్రం కింద ఉంది. అందులో హెచ్‌పీఎల్‌సీ అంటే మందు శాంపిల్‌ని పరీక్షించే మెషీన్, ఇంజెక్షన్ అంటే ఆ మెషీన్‌లోకి శాంపిల్ పంపడం:

"లాగ్‌బుక్కులు ఆలస్యమవుతున్నాయని మేనేజర్ గారు చెప్పారు. ఇప్పుడున్న చోట రెండేళ్లుగా హెచ్‌పీఎల్‌సీ మీద పని చేస్తున్నాను, తూకం వేసిన వెంటనే, ఇంజెక్షన్ మొదలుపెట్టిన వెంటనే ఎంట్రీ రాయడం నాకు అలవాటు. మీ ల్యాబ్‌లో మొదటి రోజు నుంచే అలా చేయగలను."

వాళ్ల అవసరం, దానికి మీరు నిజంగా చేసిన పని, ఈ రెండూ పక్కపక్కనే పడ్డాయి చూడండి. ఇక్కడ పాత కంపెనీ ప్రోడక్ట్ పేరు గానీ బ్యాచ్ నంబర్లు గానీ రాయకండి, అక్కడి రహస్యాలు బయటపెట్టేవాడు రేపు మావీ పెడతాడని అనుకుంటారు.

ఇంకోటి. పరీక్షలో మందు రిజల్ట్ లిమిట్ దాటితే ఏం చేస్తావని ప్యానెల్ అడిగితే వీడు టెన్షన్‌లో "మళ్లీ ఇంజెక్ట్ చేస్తాను" అనేశాడు. అది తప్పు, ముందు పై అధికారికి చెప్పాలి, సొల్యూషన్లు పారబోయకుండా ఉంచాలి, తూకం, లెక్కలు, ఇన్‌స్ట్రుమెంట్ చూడాలి, మళ్లీ ఇంజెక్ట్ చేయడం ఆ విచారణలో భాగంగా అనుమతితోనే జరగాలి. దీన్ని మెయిల్‌లో రెండు వాక్యాల్లో సరిదిద్దుకోమన్నాను, "అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను" అని ఒప్పుకుంటూ. ఇలాంటి దిద్దుబాటు ఒక్కటే ఉండాలి. మూడు నాలుగు పెడితే మళ్లీ పరీక్ష రాస్తున్నట్టుంటుంది, ప్యానెల్ మర్చిపోయిన తప్పుల్ని కూడా మీరే గుర్తుచేసినవాళ్లవుతారు.

ప్యానెల్ మెయిల్ ఐడీలు లేకపోతే వెతకొద్దు, ఇంటర్వ్యూకి పిలిచిన హెచ్‌ఆర్ మెయిల్‌కే రిప్లై కొట్టి, ప్యానెల్‌లో వాళ్లకి పంపమని అడగండి. అదే రోజు సాయంత్రం గానీ మర్నాడు పొద్దున గానీ వెళ్లిపోవాలి. జీతం, ఇంటర్వ్యూ రిజల్ట్ ఎప్పుడు, ఇవి ఇందులో వద్దు.

ఇప్పుడు మీ కాగితంలోంచి ప్యానెల్ అన్న ఒక్క మాట తీసుకుని, రెండో పేరా మాత్రమే రాయండి. జవాబు రాకపోతే ఎన్నాళ్లు ఆగాలో 5వ పాఠంలో చూద్దాం.