యంత్రపు లాగ్ చదవడం, మూడో భాగం: ఆగింది యంత్రమా, సెన్సారా?

గత భాగంలో లాగ్‌లోని సమయాలను సరిచూసి, రెండు మూలాల నుంచి వచ్చిన వరుసలను ఒకే గడియారానికి తెచ్చాం. ఈ భాగంలో విలువల సంగతి చూద్దాం. యంత్రం ఎన్ని నిమిషాలు ఆగిందో నివేదికలో రాసే ముందు, ఆ నిమిషాలను చూపించిన ప్రతి రీడింగూ యంత్రం గురించే చెబుతోందా, లేక తెగిన తీగ గురించో తప్పుగా పడిన అంకె గురించో చెబుతోందా అన్నది తేల్చుకోవాలి. ఒకే షిఫ్టు లాగ్‌ను మొదటి నుంచి చివరి దాకా చూస్తూ ఈ పని నేర్చుకుందాం.

మన ఉదాహరణ ఒక ప్యాకింగ్ యంత్రం. షిఫ్టు 06:00 నుంచి 14:00 వరకు, అంటే 480 నిమిషాలు. ప్రధాన మోటారు తీసుకునే కరెంటును ఒక సెన్సారు నిమిషానికి ఒకసారి నమోదు చేస్తుంది. యంత్రం పని చేస్తున్నప్పుడు ఆ కరెంటు 18 నుంచి 22 ఆంపియర్ల మధ్య, ఖాళీగా తిరుగుతున్నప్పుడు 7 లేదా 8 ఆంపియర్ల దగ్గర, ఆగినప్పుడు 0.1 నుంచి 0.3 దాకా ఉంటుంది. కరెంటు 2 ఆంపియర్ల కంటే తగ్గిన ప్రతి నిమిషాన్నీ నివేదిక సాఫ్ట్‌వేర్ ఆగిన సమయంగా లెక్కిస్తుంది. దీనికి తోడు, బయటికొచ్చే ప్యాకెట్లను లెక్కపెట్టే కౌంటరు వేరే తీగ మీద ఉంది. యంత్రం మామూలు వేగంలో నిమిషానికి 40 ప్యాకెట్లు కడుతుంది. ఆపరేటరు తన రిజిస్టరులో ఆగిన వేళ, మొదలైన వేళ, మొత్తం నిమిషాలు చేత్తో రాస్తారు.

సాఫ్ట్‌వేర్ ఆ షిఫ్టుకు 71 నిమిషాల డౌన్‌టైమ్ చూపించింది. రిజిస్టరు ప్రకారం అది 22 నిమిషాలే. ఇలాంటప్పుడు రెండింటి సగటు తీసుకోవడం, లేదా సెన్సారు అబద్ధం చెప్పదన్న నమ్మకంతో 71 రాసేయడం, రెండూ తప్పే. ముందు ఆ 71 నిమిషాలను విడివిడి ముక్కలుగా రాసుకోవాలి. అవి మూడు ముక్కలుగా తేలాయి: 07:12 నుంచి 22 నిమిషాలు, 09:40 నుంచి 41 నిమిషాలు, 11:05 నుంచి 8 నిమిషాలు.

మొదటి ముక్కను తెర మీద చూస్తే 22 నిమిషాల పాటు ప్రతి రీడింగూ సరిగ్గా 0.00గా ఉంది. ఇక్కడే ఆగి చూడాలి. నిజంగా ఆగిన యంత్రం దగ్గర కూడా సెన్సారులో కొద్దిపాటి కదలిక ఉంటుంది, 0.1, 0.2, 0.1, 0.3 అంటూ విలువ అటూ ఇటూ ఊగుతుంది. అసలు ఊగని సున్నా అనుమానించదగ్గది. తెర వెనక ఉన్న ముడి లాగ్‌ను తెరిస్తే ఆ 22 చోట్లా −12.5 అని ఉంది. తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్ రుణ విలువలన్నింటినీ సున్నాగా మార్చేస్తోంది కాబట్టి, తెగిన తీగ అచ్చం ఆగిన యంత్రంలాగే కనిపించింది.

ఈ −12.5 ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క కట్టవచ్చు. సెన్సారు పరిధి 0 నుంచి 50 ఆంపియర్లు. దాని సంకేతం 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల లూప్‌లో వస్తుంది: 4 అంటే 0 ఆంపియర్లు, 20 అంటే 50 ఆంపియర్లు. సున్నా కొలతకు కూడా 4 మిల్లీ ఆంపియర్లు పారేలా ఈ పద్ధతిని అమర్చడంలో ఒక ముఖ్య ప్రయోజనం, తీగ తెగితే ఆ సంగతి వెంటనే తెలియడం. తీగ తెగినప్పుడు లూప్‌లో పారేది 0.

```
(0 − 4) ÷ (20 − 4) × 50 = −12.5
```

అంటే −12.5 అనేది ఈ పరిధి ఉన్న సెన్సారుకు తీగ తెగిన గుర్తు. మీ దగ్గరున్న ప్రతి సెన్సారుకూ ఈ లెక్క ముందే కట్టి, ఆ విలువను ఒక పట్టికలో రాసి పెట్టుకోండి. అయితే రుణ విలువ కనబడగానే పక్కన పెట్టేయడమూ సరికాదు. నామూర్ సంస్థ ఇచ్చిన ఎన్ఈ 43 సిఫార్సు ప్రకారం 3.8 నుంచి 20.5 మిల్లీ ఆంపియర్ల దాకా వచ్చే సంకేతాన్ని కొలతగానే తీసుకోవాలి, 3.6 లేదా అంతకంటే తక్కువ, 21 లేదా అంతకంటే ఎక్కువ వస్తేనే లోపంగా చూడాలి. మన సెన్సారులో 3.8 అంటే −0.625 ఆంపియర్లు. కాబట్టి −0.2 వంటి విలువ ఆగిన యంత్రం దగ్గర సహజంగా రాగలిగేదే, దాన్ని తప్పుగా ఎంచకూడదు.

తీగ తెగిందని తెలిసినంత మాత్రాన యంత్రం నడుస్తోందని రుజువైనట్టు కాదు. తీగ తెగిన సమయంలోనే యంత్రం కూడా ఆగి ఉండవచ్చు. అందుకని కౌంటరును అడగాలి. 07:12కి కౌంటరు 2,880 దగ్గర ఉంది, 07:34కి 3,760 దగ్గర ఉంది. తేడా 880, అంటే సరిగ్గా 22 నిమిషాల పని. ఇప్పుడు మాత్రమే ఆ 22 నిమిషాలను డౌన్‌టైమ్ నుంచి తీసివేయవచ్చు. మిగిలిన రెండు ముక్కల్లో కరెంటు 0.1, 0.2 అంటూ ఊగుతూ ఉంది, కౌంటరు కదలలేదు. అవి నిజమైన నిలుపుదలలే. 71లో 22 పోగా 49 మిగిలాయి.

రిజిస్టరులో 22 ఎలా వచ్చిందో చూద్దాం. రెండో నిలుపుదల దగ్గర ఆపరేటరు 09:40, 10:21 అని వేళలు సరిగ్గానే రాశారు, పక్కన నిమిషాల గడిలో 14 అని పడింది, దానికి మూడో ముక్క 8 కలిస్తే 22. వేళల తేడా 41. పక్కపక్క అంకెలు తారుమారైతే, అసలు సంఖ్యకూ రాసిన సంఖ్యకూ మధ్య తేడా ఎప్పుడూ 9తో భాగించబడుతుంది, ఇక్కడ 27. ఇది అనుమానానికి దారి చూపే పరీక్షే తప్ప రుజువు కాదు, ఎందుకంటే ఏ కారణం లేకుండా వచ్చిన తేడాలలో కూడా సుమారు తొమ్మిదింట ఒకటి ఈ పరీక్షలో నెగ్గుతుంది. వేళలూ కౌంటరూ రెండూ 41 అంటున్నాయి కాబట్టే దాన్ని తారుమారుగా నిర్ణయించాం. సమయాన్ని గంటల్లో రాసే చోట ఇంకో చిక్కు ఎక్కువగా ఎదురవుతుంది: 1.30 అని రాసింది గంటా ముప్పై నిమిషాలా, లేక 1.3 గంటలా, అంటే 78 నిమిషాలా అన్నది వేళలు చూడకుండా తేలదు.

ఇంతవరకు తక్కువ విలువలనే వెతికాం. డౌన్‌టైమ్‌ను దాచేసే తప్పు దీనికి ఎదురు దిక్కున ఉంటుంది, అది సులువుగా కంటికి ఆనదు. ఇదే షిఫ్టులో 12:30 నుంచి 12:54 దాకా 25 నిమిషాలు కరెంటు 19.37, 19.37, 19.37 అంటూ ఒక్క వందో వంతు కూడా మారలేదు. విలువ మామూలు పరిధిలోనే ఉంది కాబట్టి ఏ హద్దు పరీక్షా దాన్ని పట్టుకోదు. పని చేస్తున్న మోటారు కరెంటు అలా నిలకడగా ఉండదు. సమాచారం చేరవేసే గేట్‌వే తెగిపోయినప్పుడు చివరిసారి అందిన విలువనే మళ్లీ మళ్లీ రాసే లాగర్లు చాలా ఉన్నాయి. (విలువ మారితేనే కొత్తగా రాసే అమరిక ఉన్న లాగర్లలో సదరు విలువ ఇలాగే నిలిచి కనిపించవచ్చు. ముందు ఆ అమరిక సంగతి కనుక్కోండి.)

ఇక్కడ కౌంటరు కూడా అదే గేట్‌వే ద్వారా వస్తుంది, కాబట్టి అది కూడా 13,640 దగ్గర గడ్డకట్టింది. అది కదలలేదు గనుక యంత్రం ఆగిందని అంటే మోసపోతాం. చూడాల్సింది సంబంధం తిరిగి కలిసిన మొదటి రీడింగు. యంత్రం ఆపకుండా నడిచి ఉంటే 12:55కి కౌంటరు 1,000 పెరిగి ఉండాలి, పూర్తిగా ఆగి ఉంటే అసలు పెరగకూడదు. అది 14,240 చూపించింది, అంటే 600 పెరిగింది. ఇది 15 నిమిషాల పనికి సమానం. మిగిలిన 10 నిమిషాలు యంత్రం ఆగిందా, లేక 25 నిమిషాలూ నెమ్మదిగా నడిచిందా అన్నది ఈ లాగ్ చెప్పదు. చెప్పలేనిదాన్ని చెప్పలేమనే రాయాలి.

ఇన్ని ముక్కలను కంటితో వెతకడం చిన్న లాగ్‌కే సాధ్యం. పెద్ద లాగ్‌లో అనుమానపు వరుసలకు గుర్తు పెట్టడానికి గణాంక పద్ధతి కావాలి. చాలామంది సగటు తీసి, దానికి మూడు ప్రామాణిక విచలనాల అవతల ఉన్న ప్రతి విలువనూ అవుట్‌లయర్ అంటారు. చిన్న గుంపుల్లో ఇది పని చేయదు. ఈ పది రీడింగులను చూడండి: 19.2, 20.1, 19.8, 20.4, 19.6, −12.5, 20.0, 19.9, 20.3, 19.5. ఆ ఒక్క −12.5 సగటును 16.63కి లాగేసింది, ప్రామాణిక విచలనాన్ని 10.24కి పెంచేసింది. దాంతో అది సగటు నుంచి 2.85 విచలనాల దూరంలోనే ఉన్నట్టు తేలుతుంది, పరీక్షలో నెగ్గిపోతుంది. ఆ విలువ −12.5 కాక −5,000 అయినా సంగతి మారదు, ఎందుకంటే n రీడింగుల గుంపులో ఏ విలువా (n−1)/√n విచలనాలను మించి దూరంగా ఉండలేదు. n పది అయితే ఆ గరిష్ఠం 2.85.

సగటు బదులు మధ్యగతాన్ని తీసుకోండి. పై పది రీడింగుల మధ్యగతం 19.85. ప్రతి రీడింగూ దానికి ఎంత దూరంలో ఉందో రాసి, ఆ దూరాల మధ్యగతం తీస్తే 0.30 వస్తుంది. దాన్ని ప్రామాణిక విచలనంతో పోల్చదగ్గదిగా మార్చే 1.4826తో, ఆపైన హద్దుగా ఎంచుకున్న 3.5తో గుణిస్తే 1.56. ఇప్పుడు 18.29 కంటే తక్కువ, 21.41 కంటే ఎక్కువ ఉన్న విలువలకే గుర్తు పడుతుంది. ఒక్క చెడ్డ రీడింగు ఈ హద్దులను పెద్దగా కదిలించలేదు. లాగ్ df అనే పట్టికలో, కరెంటు amp నిలువు వరుసలో ఉంటే, పైథాన్ పాండాస్‌లో ఇదే పని ఇలా ఉంటుంది:

```
med = df["amp"].median()
mad = (df["amp"] - med).abs().median()
df["suspect"] = (df["amp"] - med).abs() > 3.5 * 1.4826 * mad
```

దీనికి రెండు పరిమితులు ఉన్నాయి. యంత్రం ఖాళీగా తిరిగిన 7 ఆంపియర్ల రీడింగుకు కూడా ఇది గుర్తు పెడుతుంది, అది నిజమైన రీడింగే అయినా సరే. అందుకని పనిలో ఉన్న నిమిషాలను, ఖాళీగా తిరిగిన నిమిషాలను విడదీసి వేరువేరుగా లెక్క కట్టాలి. రెండోది, విలువ గడ్డకట్టిన చోట దూరాల మధ్యగతం 0 అవుతుంది, అప్పుడు ఏ చిన్న తేడా అయినా అవుట్‌లయర్‌గా తేలుతుంది. 0 వచ్చిందంటే హద్దులు వాడకుండా ముందు గడ్డకట్టడాన్నే పరిశీలించాలి. పై కోడు ఏ వరుసనూ తొలగించదని గమనించండి. ముడి విలువ తన గడిలోనే ఉండాలి, గుర్తు పక్క గడిలో పడాలి, నిర్ణయానికి కారణం మూడో గడిలో ఉండాలి.

చివరగా, లాగ్‌తో సంబంధం లేని సాక్ష్యంతో మొత్తాన్ని సరిచూడాలి. షిఫ్టు చివర గోడౌనుకు వెళ్లినవి పెట్టెకు 20 ప్యాకెట్ల చొప్పున 842 పెట్టెలు, అంటే 16,840 ప్యాకెట్లు. 480లో 49, 10 తీసేస్తే 421 నిమిషాలు. నిమిషానికి 40 చొప్పున 16,840. సాఫ్ట్‌వేర్ చెప్పిన 71 నిజమైతే 16,360 ప్యాకెట్లే ఉండాలి. నివేదికలో రాయాల్సింది ఇలా ఉంటుంది: "నిర్ధారించిన డౌన్‌టైమ్ 49 నిమిషాలు. 12:30, 12:55 మధ్య సమాచారం అందలేదు. ఆ వ్యవధిలో 10 నిమిషాల పనికి సమానమైన ఉత్పత్తి తగ్గింది, కారణం తెలియదు. 07:12 నుంచి 22 నిమిషాలు సెన్సారు తీగ లోపం, యంత్రం నడిచింది."

అభ్యాసం: వేరే యంత్రం మీద ఉన్న ఒక ఉష్ణోగ్రత సెన్సారు పరిధి 0 నుంచి 200 డిగ్రీలు, సంకేతం 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు. లాగ్‌లో వరుసగా ఆరు నిమిషాలు 212.5 డిగ్రీలు అని ఉంది. అదే యంత్రపు రిజిస్టరులో 10:48 నుంచి 10:57 దాకా ఆగిందని, మొత్తం 19 నిమిషాలని రాసి ఉంది. కౌంటరు 10:48కి 17,200, 11:07కి కూడా 17,200, 11:08కి 17,240. 212.5 ఎన్ని మిల్లీ ఆంపియర్లకు సమానమో లెక్క కట్టి అది కొలతో లోపమో తేల్చండి. రిజిస్టరులో ఏ గడి తప్పో, ఏ ఆధారంతో అలా అంటున్నారో ఒక వాక్యంలో రాయండి. జవాబులు నాలుగో భాగం మొదట్లో ఉంటాయి.