ఢీకొన్న క్షణంలో డాష్‌క్యామ్ చూపే వేగం తప్పుగా ఉంటే

సమస్య సాధారణంగా ఇలా మొదలవుతుంది. సందులోంచి వచ్చిన స్కూటరు కారు ఎడమ బంపరును రాసుకుంటుంది. కారాయన దాదాపు ఆగిపోయానని అంటాడు. వీడియో తెరిచి చూస్తే, బంపరు తగిలిన ఫ్రేములోనే కింది మూలన గంటకు 18 కిలోమీటర్లు అని కనిపిస్తుంది. స్కూటరాయన దాన్నే పట్టుకుంటాడు, కారాయనకు తన జ్ఞాపకం మీదే అనుమానం మొదలవుతుంది.

కార్డు వెంటనే తీసి కాపీ చేయడం, ఘటనకు ముందు ఫైలునూ తర్వాతి ఫైలునూ కలిపి చూడడం మీకు తెలిసిన పనులే కాబట్టి వాటి జోలికి పోను. నేను విసిగిపోయింది వేరే విషయంలో: తెర మీది అంకె ఎంత ఆలస్యంగా కదులుతుందో ఒక్కసారైనా పరీక్షించకుండా, దాన్ని స్పీడోమీటరు రీడింగులా చదవడం.

కారణం

ఆ అంకె చక్రం నుంచి వచ్చేది కాదు, జీపీఎస్ నుంచి వచ్చేది. చాలా కెమెరాల్లో అది సెకనుకు ఒక్కసారే మారుతుంది, పైగా ఎగుడుదిగుళ్లు లేకుండా ఉండడానికి పాత రీడింగులను కలిపి సగటు తీస్తారు. సాఫీగా పోతున్న కారులో ఈ తేడా కంటికి కనబడదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు మాత్రం తెర మీద రెండు మూడు సెకన్ల కిందటి వేగం మిగిలిపోతుంది. చిన్న ప్రమాదాలన్నీ జరిగేది సరిగ్గా అప్పుడే. మొదట్లో నేనూ ఈ అంకెను నమ్మి, ఒక పరిచయస్థుడికి తప్పు ఆయనదేనని చెప్పాను. తర్వాత ఫ్రేములు లెక్కపెట్టి ఆ మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

పరీక్ష చాలా సులువు. ఖాళీ రోడ్డు మీద 25 దాకా పోయి బ్రేకు వేసి ఆగండి. వీడియోలో రోడ్డు కదలడం ఆగిన ఫ్రేము నుంచి అంకె సున్నా అయ్యేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. ఇలా మూడుసార్లు చేస్తే మీ కెమెరా ఆలస్యం తెలిసిపోతుంది.

పరిష్కారం

వేగాన్ని అంకె నుంచి కాకుండా రోడ్డు నుంచి లెక్కించాలి. పైన చెప్పిన కేసులో రోడ్డు మధ్య ముక్కలు ముక్కలుగా తెల్ల గీతలున్నాయి. రద్దీ లేని వేళ టేపుతో కొలిస్తే, ఒక గీత మొదటి నుంచి తర్వాతి గీత మొదటికి 9 మీటర్లు, గీత పొడవు 3 మీటర్లు వచ్చింది. కొలతలు ఎక్కడో చదివినవి కాకుండా ఆ చోట కొలిచినవే వాడండి. మన రోడ్ల మీద గీతలు వేసినవాడి ఇష్టాన్ని బట్టి మారుతుంటాయి.

వీడియోను VLCలో తెరిచి `E` నొక్కుతూ ఒక్కో ఫ్రేమే ముందుకు జరపండి. గీత మొదలు బానెట్ అంచు కింద మాయమైన ఫ్రేము దగ్గర లెక్క మొదలుపెట్టి, తర్వాతి గీత మొదలు అదే చోట మాయమయ్యేదాకా లెక్కపెట్టండి. ఈ వీడియో సెకనుకు 30 ఫ్రేములది. మొదటి 9 మీటర్లకు 36 ఫ్రేములు, అంటే 1.2 సెకన్లు పట్టింది. వేగం గంటకు 27 కిలోమీటర్లు. తర్వాతి 9 మీటర్లకు 54 ఫ్రేములు, వేగం 18. చివరి గీత 3 మీటర్లు దాటడానికి 45 ఫ్రేములు పట్టింది, అంటే సగటున 7 కిలోమీటర్లు. గీత చివర మాయమయ్యేసరికి బంపరు తగిలింది కాబట్టి, వేగం పడిపోతున్న ఆ క్షణంలో అది అంతకంటే తక్కువే. తెర మీద నిలిచిపోయిన 18, దాదాపు రెండున్నర సెకన్ల ముందు, రెండో దూరం మధ్యలో ఉన్న వేగం. పరీక్షలో తేలిన ఆలస్యమూ అంతే వచ్చింది.

ఒక ఫ్రేము అటూఇటూ అయినా ఫలితం పెద్దగా మారదు. ఫ్రేములు ఎగిరిపోతే మాత్రం మారుతుంది. అందుకే తెర మీది గడియారంలో ఒక సెకను మారినప్పటి నుంచి తర్వాతి సెకను మారేదాకా నిజంగా 30 ఫ్రేములున్నాయో లేదో ముందే చూసుకోవాలి. వాట్సాప్‌లో వీడియోగా పంపిన కాపీతో ఈ పని చేయకండి. అది మళ్లీ కుదించబడి వస్తుంది. కార్డులోని అసలు ఫైలే కావాలి. విషయం కోర్టుకు పోయే సూచన ఉంటే, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇవ్వవలసిన ధ్రువపత్రానికీ ఆ ఫైలే ఆధారం.

వెనక కెమెరా బొమ్మ అద్దంలోలా తిరగబడడం, బ్యాటరీ పోయి తేదీ మారిపోవడం వంటివి అరుదు. బండి నంబరు ప్లేటు, నీడలు చూస్తే పట్టుబడతాయి. వెడల్పు లెన్సు వల్ల స్కూటరు ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది కాబట్టి, కంటి అంచనాతో దూరం మాత్రం రాయకండి.