చెయ్యి పక్కకు లేపితే భుజం నొప్పి: రొటేటర్ కఫ్ సమస్యా, భుజం పట్టేసిందా?

సమస్య: చెయ్యి పక్కకు లేపుతుంటే భుజం బయటివైపు, జబ్బ మీద నొప్పి. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేరు. జడ వేసుకోవాలన్నా, చొక్కా తొడుక్కోవాలన్నా కష్టమే.

ఇవి రొటేటర్ కఫ్ సమస్యలోనూ, భుజం పట్టేసే ఫ్రోజెన్ షోల్డర్‌లోనూ ఉంటాయి. అందుకే వీటిని చూసి ఏదీ తేల్చకండి. ముందు ఒక్క పరీక్ష చెయ్యండి. పదిహేనేళ్లుగా ఫిజియోగా చూస్తున్నాను. నా దగ్గరికి ఎంఆర్ఐతో వచ్చేవాళ్లు చాలామందే గానీ, ఈ పరీక్ష చేయించుకుని వచ్చేవాళ్లు తక్కువ.

ముందు ఇది చూడండి

కూర్చుని రెండు మోచేతులూ నడుముకు ఆనించి, 90 డిగ్రీలు మడవండి. అరచేతులు ఎదురెదురుగా ఉండాలి. మోచేతులు నడుము వదలకుండా ముంజేతులను తలుపు రెక్కల్లా బయటికి తెరవండి. తర్వాత నొప్పి చేతిని వదులుగా వదిలేసి, ఇంట్లో ఎవరినైనా మెల్లగా బయటికి తిప్పమనండి.

మీరు తిప్పుకోలేకపోయినా, నొప్పి పుట్టినా, వాళ్లు తిప్పినప్పుడు బాగున్న చేతితో దాదాపు సమానంగా వచ్చిందా? అయితే సమస్య రొటేటర్ కఫ్‌లో ఉండే అవకాశం ఎక్కువ. భుజం ఎముకను గుంటలో కుదురుగా పట్టి ఉంచే 4 కండరాల తాళ్లలాంటి కొసలే ఆ కఫ్. వాటిలో పైది బాగా ఇబ్బంది పడుతుంది. నొప్పి సాధారణంగా 60 నుంచి 120 డిగ్రీల మధ్య ఎక్కువగా ఉండి, ఇంకా పైకి లేపితే తగ్గుతుంది.

ఎవరు తిప్పినా సగంలోనే గోడకు తగిలినట్టు ఆగిపోయిందా? అది ఫ్రోజెన్ షోల్డర్ లక్షణం. కీలు చుట్టూ ఉండే సంచి వాచి, దళసరై, బిగుసుకుపోతుంది. మీ కండరాలు లాగినా, నేను లాగినా ఆ సంచి సాగదు.

ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది

ఫ్రోజెన్ షోల్డర్ మొదటి రెండు మూడు నెలల్లో బిగువు కన్నా నొప్పే ఎక్కువ. పైగా చెయ్యి పక్కకు లేపమంటే మనిషి తెలియకుండానే రెక్క ఎముకను చెవి వైపు ఎగరేసి, లేచినట్టే చూపిస్తాడు. నేనూ మొదట్లో ఇక్కడే దెబ్బతిన్నాను.

52 ఏళ్ల టీచరమ్మ ఒకావిడ వచ్చారు. కుడి భుజం, మూడు నెలల నొప్పి. ఎంఆర్ఐలో కఫ్‌లో కొంచెం చిరుగు అని రాసి ఉంది. ఆ కాగితం నమ్మి రబ్బరు బ్యాండుతో వ్యాయామాలు చేయించాను. ఆరు వారాలకు, "అయ్యా, ఇప్పుడు జాకెట్టు హుక్కు కూడా పెట్టుకోలేకపోతున్నా" అన్నారు. అప్పుడు మోచేతులు నడుముకు ఆనించి చూశాను. ఎడమ చెయ్యి 60 డిగ్రీలు బయటికి తిరిగింది. కుడిది 15 దగ్గరే ఆగింది. మొదటి రోజే చూడాల్సింది. ఆ వయసులో చిన్న చిరుగులు నొప్పి లేనివాళ్లకూ కనిపిస్తుంటాయి. రిపోర్టులో ఉన్నంత మాత్రాన నొప్పికి కారణం అదే కానక్కర్లేదు.

షుగర్ పరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు 8.6 వచ్చింది. అప్పటిదాకా ఆవిడకు షుగర్ ఉన్నట్టే తెలియదు. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకు, అందులోనూ 40 నుంచి 60 ఏళ్ల మధ్యవాళ్లకు ఈ జబ్బు ఎక్కువ. భుజం బిగిస్తే ఆ రెండూ చూపించుకోండి.

ఒక జాగ్రత్త: కఫ్ నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు భయంతో కండరాలు బిగబట్టినా చెయ్యి తిరగదు. వెల్లకిలా పడుకోబెట్టి, నొప్పి శాంతించాక మళ్లీ చూడాలి.

పరిష్కారం

కఫ్ అయితే చెయ్యి పూర్తిగా కదపకుండా ఉంచడం తప్పు. తల పైకి బరువులెత్తడం కొన్నాళ్లు ఆపండి. గోడ పక్కన నిలబడి, మోచెయ్యి మడిచి, ముంజేతి వెనకభాగంతో గోడను బయటికి నొక్కి 30 సెకన్లు పట్టండి, అలా ఐదుసార్లు. తర్వాత బ్యాండు. చేసినప్పుడు వచ్చిన నొప్పి మర్నాటి ఉదయానికి సర్దుకుంటే మోతాదు సరిపోయినట్టే. 6 నుంచి 12 వారాలు పడుతుంది.

ఫ్రోజెన్ అయితే నొప్పి దశలో బలవంతంగా సాగదీయకండి, ఇంకా రేగుతుంది. ముందుకు వంగి చేతిని లోలకంలా ఊపడం, వేడి కాపడం చాలు. తొలినెలల్లో కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ బాగా ఉపశమనం ఇస్తుంది. షుగర్ ఉంటే ఆ తర్వాత కొన్ని రోజులు అది పెరుగుతుంది, డాక్టరుకు ముందే చెప్పండి. నొప్పి తగ్గి బిగువు మిగిలాక కర్ర పట్టుకుని బయటికి తిప్పే సాగదీతలు మొదలుపెట్టాలి. మొత్తం ఏడాది నుంచి మూడేళ్లు పట్టొచ్చు. టీచరమ్మకు ఇంజెక్షన్ తర్వాత రెండు వారాల్లో నిద్ర పట్టింది, హుక్కు పెట్టుకోవడానికి మాత్రం తొమ్మిది నెలలు పట్టింది.

మిగతావి

పడ్డాక ఒక్కసారిగా చెయ్యి లేవకపోతే వ్యాయామాలతో కాలం గడపకుండా ఆ వారంలోనే ఎముకల డాక్టరును కలవండి. చెయ్యి బయటికి తిరగనివాళ్లు ఒక ఎక్స్‌రే తీయించుకోండి, కీలు అరుగుదల, ఫిట్స్ తర్వాత వెనక్కి జారిన భుజం అందులో తెలుస్తాయి. మోచేతి కిందికి తిమ్మిర్లు దిగితే మెడ చూపించుకోండి. నడిస్తే నొప్పి వచ్చి, ఛాతీ బిగించి, చెమటలు పడితే భుజం సంగతి వదిలి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.