ఇంగ్లీషులో వచ్చిన లోన్ నోటీసును ఇరుగుపొరుగుకు తెలుగులో ఎలా విడమర్చి చెప్పాలి?

నేను తెనాలిలో ఒక వకీలు గారి దగ్గర గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఇంగ్లీషు చదవడం, టైపు చేయడం నా రోజువారీ పని. మొన్న మే 4న సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా అరుగు మీద ఐదుగురు కూర్చుని ఉన్నారు. మూడో ఇంటి మావయ్య చేతిలో బ్యాంకు కవరు ఉంది. అత్త కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఎదురింటి బాబాయికీ అచ్చంగా అలాంటి కవరే వచ్చింది, ఆయన అసలు అప్పే తీసుకోలేదు. మావయ్య టైలరింగ్ షాపు కోసం మూడేళ్ల కిందట ఇల్లు తనఖా పెట్టి 8 లక్షలు తీసుకున్నాడు. ఆ అప్పుకు బాబాయి ష్యూరిటీ సంతకం పెట్టాడు.

ఆ రాత్రి నేను చేసిన పనులను అదే వరుసలో రాస్తున్నాను. మీ వీధిలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు మీరే అయితే రేపు మీ దగ్గరకూ ఒక కవరు వస్తుంది.

1. ముందు ఒక్కరే, మౌనంగా చదవండి

మనం పైకి చదువుతుంటే వాళ్లు మన ముఖం చూస్తారు. ఎక్కడ ఆగితే అక్కడ గుండె ఝల్లుమంటుంది. అందుకే "రెండు నిమిషాలు ఆగండత్తా, మొత్తం చదివి చెప్తాను" అని పక్కకు జరిగాను. అన్ని పేజీలూ ఉన్నాయా, ఎవరెవరి పేర్ల మీద వచ్చింది, కింద ఎవరు సంతకం పెట్టారు అన్నవి చూసుకున్నాను. కవరు పారేయకండి. దాని మీది పోస్టు ముద్ర తర్వాత పనికొస్తుంది.

2. అది ఏ నోటీసో తేల్చండి

బ్యాంకు నుంచి వచ్చే కాగితాలన్నీ ఒకటి కావు. లోక్ అదాలత్‌కు రమ్మనే పిలుపు వేరు, చెక్ బౌన్స్ నోటీసు వేరు. ఏ చట్టం, ఏ సెక్షన్ అన్నది సాధారణంగా మొదటి పేజీ పైభాగంలోనే ఉంటుంది. మావయ్యకు వచ్చినది 2002 నాటి సర్ఫేసీ చట్టం, 13(2) సెక్షన్ కింద ఇచ్చిన నోటీసు. కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తి నుంచి మొండి బకాయి వసూలు చేసుకునే వీలు బ్యాంకులకు ఇచ్చే చట్టం అది. ఇది డబ్బు కట్టమని అడిగే నోటీసు. ఇల్లు స్వాధీనం చేసుకునేది ఆ తర్వాతి మెట్టు, దాని సెక్షన్ 13(4). కాబట్టి నేను మొదట చెప్పిన మాట ఇది: "అత్తా, రేపు ఎవరూ వచ్చి తాళం వెయ్యరు. ఇది కోర్టు కాగితం కాదు. 60 రోజుల గడువు ఇచ్చి డబ్బు అడుగుతున్నారు." ఆ ఒక్క మాట విన్నాకే అత్త మంచినీళ్లు తాగింది.

పొలం తనఖా పెట్టినవాళ్లకు ఇలాంటి నోటీసు వస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. వ్యవసాయ భూమి తనఖాకు ఈ చట్టం వర్తించదు. అలాంటి నోటీసును వెంటనే వకీలుకు చూపించాలి.

3. మాటకు మాట కాదు, అర్థం చెప్పండి

నేను రాకముందే మావయ్య కూతురు నోటీసు చదివి చెప్పిందట. ఇంటర్ చదువుతోంది, తెలివైన పిల్ల. ‘యు ఆర్ హియర్‌బై కాల్డ్ అపాన్’ అన్న చోట "నిన్ను పిలుస్తున్నారు నాన్నా" అంది. ఎక్కడికి, పోలీస్ స్టేషన్‌కా, కోర్టుకా అని ఇల్లంతా టెన్షన్ పడ్డారు. ఆ మాటకు ఇక్కడ అర్థం "మీరు కట్టవలసిందిగా కోరుతున్నాం" అని మాత్రమే. ‘వితౌట్ ప్రెజుడిస్’ అంటే ఈ నోటీసు ఇచ్చినంత మాత్రాన తమ మిగతా హక్కులు పోవు అని బ్యాంకు చెప్పుకోవడం. ‘జాయింట్లీ అండ్ సెవరల్లీ’ అన్న దగ్గర బాబాయి వైపు తిరగాల్సి వచ్చింది. అప్పు తీసుకున్నవాళ్లనీ ష్యూరిటీ పెట్టినవాళ్లనీ అందరినీ కలిపి అడగొచ్చు, ఏ ఒక్కరినైనా మొత్తం కట్టమనీ అడగొచ్చు అని దాని అర్థం. "నేను ఉత్త సంతకమే కదరా పెట్టింది" అన్నాడాయన. చెప్పడం కష్టమే అయినా చెప్పాను: "ఆ సంతకంతో మీకూ బాధ్యత వచ్చింది బాబాయ్." భయం తగ్గించాలని నిజాన్ని దాచకూడదు.

‘ఫెయిలింగ్ విచ్’ అన్న మాట తర్వాత ఏముందో తప్పకుండా చెప్పండి. గడువులో కట్టకపోతే బ్యాంకు ఏం చేయగలదో అక్కడే రాస్తారు.

4. రెండు తేదీలు, రెండు అంకెలు వేరుగా రాసి పెట్టండి

నేను క్యాలెండర్ దింపి, వెనక పెన్సిల్‌తో రాశాను. నోటీసు తేదీ ఏప్రిల్ 29. ఖాతా ఎన్.పి.ఏ. అయిన తేదీ ఏప్రిల్ 6. వాయిదా గడువు దాటి 90 రోజులు మించితే ఖాతాను ఎన్.పి.ఏ., అంటే మొండి బకాయి అంటారు. 60 రోజుల లెక్కను నోటీసు మీది తేదీ నుంచే వేయండి. చట్టంలో ఉన్నది ఆ తేదీయే, కవరు చేతికందిన రోజు కాదు. ఏప్రిల్ 29 నుంచి 60 రోజులంటే జూన్ 28. క్యాలెండర్‌లో ఆ రోజు చుట్టూ గీత గీశాను.

ఇక అంకెలు. నోటీసులో ఉన్నది 6,52,740 రూపాయలు. అందరూ వణికింది దాన్ని చూసే. అది అసలూ వడ్డీ కలిపి మిగిలిన మొత్తం అప్పు. కట్టకుండా ఆగిపోయిన వాయిదాల మొత్తం వేరు. వాయిదా నెలకు 10,134. బ్యాంకు లెక్క ప్రకారం జనవరి నుంచి ఏప్రిల్ వరకు నాలుగు వాయిదాలు, అంటే 40,536. నోటీసు మొత్తం అప్పునే అడుగుతుంది, అది చట్టప్రకారమే. అయినా ఆగిన బకాయి మొత్తం పూర్తిగా కడితే ఖాతాను మళ్లీ మామూలు ఖాతాగా మార్చడానికి రిజర్వు బ్యాంకు నిబంధనల్లో వీలుంది. సగం కడితే మారదు. అలా కట్టేముందు, కట్టాక నోటీసు మీద చర్య ఆపుతామని బ్యాంకు చేత కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాట నమ్మి కట్టి, తర్వాత ఇబ్బంది పడ్డవాళ్లను మా ఆఫీసులో చూశాను.

5. ఇంట్లో ఉన్న రసీదులన్నీ బయటికి తీయించండి

ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. నోటీసులో ఉన్న లెక్క నిజమే అనుకుంటారు. "మావయ్యా, జనవరి తర్వాత ఒక్క రూపాయి కూడా కట్టలేదా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "శివరాత్రి తర్వాత ఒకసారి కౌంటర్‌లో కట్టాను" అన్నాడు. అత్త లోపలికి వెళ్లి బిస్కెట్ డబ్బా తెచ్చింది. కరెంటు బిల్లులు, పిల్ల స్కూలు ఫీజు రసీదులు, వాటి మధ్య మడతపెట్టిన ఒక కౌంటర్ ఫాయిల్. మార్చి 9, రూ.10,134, బ్యాంకు ముద్ర స్పష్టంగా ఉంది. లోన్ ఖాతా నంబరు చూస్తే చివరి నుంచి మూడో అంకె 3 బదులు 8 అని రాసి ఉంది. డబ్బు వేరే ఖాతాలో పడింది.

దీనివల్ల లెక్క ఎంత మారుతుందో చూడండి. ఆ డబ్బు సరిగ్గా జమ అయి ఉంటే జనవరి వాయిదా తీరిపోయేది. అప్పుడు అన్నిటికన్నా పాత బకాయి ఫిబ్రవరి 5ది. ఏప్రిల్ 6 నాటికి దానికి 60 రోజులే. అంటే ఆ రోజున ఖాతా ఎన్.పి.ఏ. కానే కాదు, నోటీసే తొందరపడి వచ్చింది. ఫిబ్రవరి 5 వాయిదాకు 90 రోజులు నిండేది మే 6న. ఇంకా రెండు రోజులుంది. అందుకే "రేపు పొద్దున్నే కనీసం ఒక వాయిదా కట్టండి, నంబరు నేను చూస్తాను" అన్నాను. అత్త చీటీ డబ్బుల్లోంచి తీసింది.

6. అభ్యంతరం రాయండి, అందినట్టు ముద్ర వేయించుకోండి

13(3ఎ) సెక్షన్ కింద నోటీసుకు అభ్యంతరం చెప్పుకునే హక్కుంది. బ్యాంకు దాన్ని ఒప్పుకోకపోతే, అందిన 15 రోజుల్లోగా కారణాలు తెలపాలి. మా ఉత్తరం ఒక్క పేజీ. లోన్ నంబరు, నోటీసు తేదీ, మార్చి 9 చెల్లింపు, తప్పు పడిన అంకె, ఎన్.పి.ఏ. తేదీ ఎందుకు సరికాదో నాలుగు వాక్యాల్లో, కౌంటర్ ఫాయిల్ జిరాక్స్. అసలు రసీదు ఇవ్వలేదు. ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెప్పి, మావయ్య "ఇదే కదా నేనన్నది" అన్నాకే సంతకం పెట్టించాను. ఒక కాపీ వకీలు గారికి చూపించాను, ఆయన ఒక మాట సరిదిద్దారు. నోటీసు మీద సంతకం చేసిన ఆథరైజ్డ్ ఆఫీసర్ పేరునే పంపాలి, బ్రాంచి మేనేజరుకు ఇచ్చి ఊరుకోకూడదు. స్పీడ్ పోస్టులో ఒకటి, బ్రాంచిలో నకలు మీద ముద్రతో ఒకటి ఇచ్చాం.

ఉత్తరం ఇచ్చినంత మాత్రాన 60 రోజుల లెక్క ఆగదు. క్యాలెండర్ మీద జూన్ 28 గీత అలాగే ఉంది.

7. ఇవి మాత్రం చెయ్యనివ్వకండి

ఆ రాత్రి ఒకాయన, "ఇల్లు కూతురి పేర రాసెయ్, బ్యాంకు ఏం చేస్తుంది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, కానీ అది చాలా ప్రమాదం. 13(2) నోటీసు అందాక తనఖా ఆస్తిని బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా అమ్మడం, అద్దెకివ్వడం, బదిలీ చేయడం 13(13) సెక్షన్ ప్రకారం కుదరదు. ఇంకొకరు కవరు తీసుకోకుండా తిప్పి పంపాల్సిందన్నారు. అలా పంపినా గడువు ఆగదు, లోపల ఏముందో మనకే తెలియకుండా పోతుంది.

ఇంటి గోడకు స్వాధీన నోటీసు అంటిస్తే ఇక అది గుమాస్తా పని కాదు. ఆ రోజు నుంచి 45 రోజుల్లోగా రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. విశాఖపట్నంలోనూ హైదరాబాద్‌లోనూ ఆ ట్రిబ్యునళ్లు ఉన్నాయి. వకీలు ఫీజు భారమైతే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఆ ఇంటి పత్రాల్లో అత్త పేరు కూడా ఉంది కాబట్టి ఈ సంగతి ఆమెకే చెప్పాను.

పన్నెండో రోజున బ్యాంకు జవాబు వచ్చింది, మళ్లీ ఇంగ్లీషులోనే. మార్చి చెల్లింపును ఖాతాలో జమ చేశామనీ, ఏప్రిల్ 29 నోటీసును వెనక్కి తీసుకుంటున్నామనీ, మిగిలిన బకాయిలు వెంటనే కట్టాలనీ ఉంది. మార్చి, ఏప్రిల్, మే మూడు వాయిదాలు, 30,402 రూపాయలు. ఈసారి అరుగు మీద కూర్చుని అందరి ముందూ పైకే చదివాను. బాబాయి తన కవరు కూడా తెచ్చి, "ఇందులోనూ అదే రాశారా, ఒకసారి చూడు" అన్నాడు.