కుర్చీలు మిగిలినా కుటుంబం నిలబడిపోతుంటే: సమస్య - పరిష్కారం

సమస్య: విందుకు అతిథులు 37 మంది. ఒక్కో కుటుంబాన్ని విడదీయకుండా ఒకే టేబుల్‌లో కూర్చోబెట్టాలి. ఎనిమిదేసి కుర్చీల టేబుళ్లు 5, అంటే 40 కుర్చీలు. లెక్క ప్రకారం మూడు మిగలాలి. కానీ ఎన్నిసార్లు మార్చి వేసినా ఒక కుటుంబానికి చోటు దొరకదు.

కారణం: చూడాల్సింది మొత్తం కుర్చీలను కాదు, కుటుంబాల పరిమాణాన్ని. ఈ జాబితాలో ఐదుగురి కుటుంబాలు ఆరు, ముగ్గురిది ఒకటి, ఇద్దరివి రెండు ఉన్నాయనుకుందాం. ఎనిమిది కుర్చీల దగ్గర రెండు ఐదుగురి కుటుంబాలు పట్టవు. కాబట్టి టేబుల్‌కు ఒకటే. ఆరు కుటుంబాలకు ఆరు టేబుళ్లు కావాలి, ఉన్నవి ఐదు. ఇక పేర్లను అటూ ఇటూ జరపడం వృథా శ్రమ.

పరిష్కారం: ఒక టేబుల్‌కు మరో రెండు కుర్చీలు పడతాయేమో కొలిచి చూడండి. పడితే అక్కడ 5+5 కూర్చుంటారు. మిగతా నాలుగింటిలో 5+3, 5+2, 5+2, 5 సరిపోతాయి. పట్టకపోతే ఒక్క కుటుంబాన్ని 3+2గా విడదీసి పక్కపక్క టేబుళ్లలో కూర్చోబెట్టాలి. ఎవరిని విడదీయాలో మీరు నిర్ణయించకండి, వాళ్లనే అడగండి. పిల్లలు ఎవరి పక్కన ఉండాలో వాళ్లకే తెలుసు.

సమస్య: పది కుర్చీల టేబుల్ వేశాక కూడా ఒక కుటుంబం మిగిలింది.

కారణం: సర్దడం చిన్న కుటుంబాలతో మొదలైంది. 3+2+2 ఒకే టేబుల్‌లో కూర్చుంటే, మిగిలిన నాలుగు టేబుళ్లలో ఐదుగురి కుటుంబాలు ఐదే పడతాయి.

పరిష్కారం: పెద్ద కుటుంబాలను ముందు కూర్చోబెట్టి, ఖాళీలను చిన్నవాటితో నింపండి. ఇది ప్రతిసారీ పనిచేయదు. పదేసి కుర్చీల టేబుళ్లు రెండు, కుటుంబాలు 4, 4, 3, 3, 3, 3 అయితే రెండు నాలుగులను ఒకచోట పెట్టగానే దారి మూసుకుపోతుంది. చెరో టేబుల్‌కు 4+3+3 చేస్తే అందరూ పడతారు.

సమస్య: టేబుల్ 3లో ఎనిమిది మంది ఉన్నారు, వడ్డనవారికి వెళ్లిన చీటీలో ఏడు భోజనాలే ఉన్నాయి.

కారణం: చాలాసార్లు అతిథుల స్ప్రెడ్‌షీట్‌లో భోజన వివరం కుటుంబానికి ఒకటే రాసి ఉంటుంది, లేదా ఒకరి గడి ఖాళీగా ఉంటుంది. కనిపించని దోషం ఇంకొకటి ఉంది: పదం చివర ఒక ఖాళీ అక్షరం పడినా స్ప్రెడ్‌షీట్ దాన్ని వేరే పదంగా లెక్కిస్తుంది.

పరిష్కారం: మనిషికో వరుస పెట్టండి. టేబుల్ సంఖ్య C నిలువు వరుసలో, భోజనం D లో ఉంటే:

```
=COUNTIFS(C:C,3,D:D,"శాకాహారం")
```

ఇలా ప్రతి రకానికీ లెక్క తీసి, వాటి మొత్తం ఆ టేబుల్ మనుషుల సంఖ్యతో సరిపోతుందో చూడండి. D లో టైపు చేయించకుండా జాబితా నుంచి ఎంచుకునేలా పెడితే అక్షర దోషాలు రావు. అలర్జీలకు వేరే నిలువు వరుస ఉండాలి. వేరుశనగ పడని శాకాహారిని రెండు రకాల్లోనూ రాస్తే ఒక భోజనం అదనంగా తేలుతుంది. ఎవరి టేబుల్ మారినా చీటీలు మళ్లీ తీయాల్సిందే, పాతవి చించేయండి.