టైర్ చప్పుడు, 3వ పాఠం: ట్రెడ్ బ్లాకుల మోత ఎలా గుర్తుపట్టాలి, కొత్త టైర్ ఎలా ఎంచుకోవాలి

పోయిన పాఠంలో గాలి చప్పుడు, ఇంజిన్ చప్పుడు, టైర్ చప్పుడు విడదీయడం చూశాం కదా. ఈసారి టైర్ చప్పుడు లోపలికే వెళ్దాం, ఎందుకంటే టైర్ నుంచి కూడా ఒకే రకం చప్పుడు రాదు, అది ఏ రకమో తెలీకుండా టైర్లు మార్చేస్తే డబ్బులు పోతాయి, మోత మాత్రం అలాగే ఉండొచ్చు.

ముందు ట్రెడ్ సంగతి. టైర్ మీద గాడుల మధ్య రబ్బర్ ముక్కలు ముక్కలుగా ఉంటుంది, వాటినే బ్లాకులు అంటారు. టైర్ తిరుగుతుంటే ఒక్కో బ్లాక్ వచ్చి రోడ్డుని కొడుతుంది, మళ్ళీ పైకి లేస్తూ కొంచెం జారుతుంది, ఇది సెకనుకి కొన్ని వందల సార్లు జరుగుతుంది. అన్ని బ్లాకులూ ఒకే పొడవుంటే ఆ దెబ్బలన్నీ ఒకే స్వరంలో కలిసి ఈల వేసినట్టు వినిపిస్తుంది. అందుకే కంపెనీలు వేరు వేరు పొడవుల బ్లాకుల్ని కలగాపులగంగా పేరుస్తాయి, అప్పుడు అదే శబ్దశక్తి చాలా స్వరాల్లోకి చెదిరిపోయి చెవికి ఉత్త హోరులా అనిపిస్తుంది. కొత్త టైర్ మీద బ్లాకుల్ని కొలిచి చూడండి, పొడవుల్లో తేడా తెలుస్తుంది.

ఇప్పుడు ఒక కేసు తీసుకుందాం. 205/55 ఆర్16 టైర్లున్న ముందు చక్రాల డ్రైవ్ కారు, కొన్నప్పుడు బాగానే ఉంది, ఇప్పుడు 50 దాటగానే వెనక నుంచి ఊఁ అని మోత, స్పీడ్ పెరిగేకొద్దీ ఆ స్వరం కూడా పైకి పోతోంది, ఓనర్‌కేమో బేరింగ్ పోయిందని అనుమానం. ఈ సైజు టైర్ ఒక చుట్టు దాదాపు 2 మీటర్లు. గంటకి 80 కిలోమీటర్లంటే సెకనుకి 22 మీటర్లు కాబట్టి చక్రం సెకనుకి 11 సార్లు తిరుగుతుంది. చుట్టూ ఉన్న బ్లాకుల వరస లెక్కపెడితే 64 వచ్చాయి అనుకుందాం, 11ని 64తో గుణిస్తే 700 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక శబ్దం రావాలి. అదే 60 దగ్గర 530 చుట్టుపక్కలకి దిగాలి. ఫోన్‌లో శబ్దాల స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఏదైనా వేసుకుని, పక్కన కూర్చున్నవాళ్ళ చేతికిచ్చి, నున్నటి తారు రోడ్డు మీద ఏసీ, మ్యూజిక్ ఆపి రెండు స్పీడ్‌ల దగ్గర చూడండి (డ్రైవ్ చేస్తూ మీరు చూడొద్దు). సన్నని గీతలా రాదు, బ్లాకుల పొడవులు వేరు వేరు కాబట్టి వెడల్పాటి గుట్టలా వస్తుంది. ఈ కేసులో గుట్ట 80 దగ్గర 700, 60 దగ్గర 530 ప్రాంతంలో కనిపించింది. అంటే మోత బ్లాకులదే.

దీనికి భిన్నంగా, స్పీడ్ మార్చినా గుట్ట దాదాపు 210 దగ్గరే కదలకుండా ఉంటే అది టైర్ లోపలి గాలి మోగడం. టైర్ లోపలి గాలి ఒక గుండ్రటి గొట్టం లాంటిది, ఈ సైజులో దాని చుట్టు 1.6 మీటర్లు, శబ్దవేగం 343 మీటర్లు, భాగిస్తే 210. గరుకు రోడ్డు మీద, గుంటల మీద ఇది బాగా వినిపిస్తుంది. ఈ రకానికి లోపల స్పాంజ్ అంటించిన టైర్లు బాగా పనిచేస్తాయి, బ్లాకుల మోతకి మాత్రం అవి పెద్దగా చేసేదేం ఉండదు. ఈ తేడా తెలీకే చాలామంది స్పాంజ్ టైర్లకి ఎక్కువ డబ్బు పెట్టి నిరాశపడుతున్నారు.

బేరింగ్ అనుమానం కూడా తీర్చాలి, ఎందుకంటే అది కూడా చక్రం వేగంతోనే మారుతుంది. ఖాళీగా ఉన్న వెడల్పాటి రోడ్డు మీద మెల్లగా ఎడమకీ కుడికీ తిప్పుతూ వినండి, ఒకవైపు బరువు పడ్డప్పుడు మోత గట్టిగా పెరిగి ఇంకోవైపు తగ్గితే బేరింగ్ వైపు చూడాలి. ఇంకా గట్టి పరీక్ష ఏంటంటే, అదే వైపు ముందు వెనక చక్రాలు మార్చి మళ్ళీ నడపడం. మోత ముందుకొస్తే టైర్‌దే. మా కేసులో ముందుకొచ్చింది.

కారు ఆపి చేత్తో చూడండి. టైర్ అంచు బ్లాకుల మీద అరచేత్తో, టైర్ తిరిగే దిశలో ఒకసారి, ఎదురు దిశలో ఒకసారి నిమరండి, ఒకవైపు నున్నగా వెళ్ళి ఇంకోవైపు రంపం పళ్ళలా తగిలితే బ్లాకులు ఒక అంచు ఎక్కువ, ఒక అంచు తక్కువగా అరిగాయన్నమాట. బ్లాక్ రోడ్డు వదిలే ముందు జారుతుంది కదా, అక్కడే అరుగుతుంది. ముందు చక్రాల డ్రైవ్ కార్లలో వెనక టైర్ల మీద బరువు తక్కువ, టో అలైన్‌మెంట్, అంటే పైనుంచి చూస్తే చక్రాలు నేరుగా ఉన్నాయా, లోపలికో బయటికో తిరిగున్నాయా అన్నది, కొంచెం తేడా ఉన్నా ఈ అరుగుదల మొదట వెనక టైర్లకే వస్తుంది. 8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి వేసుకుంటే చాలావరకు ఆగుతుంది. అరుగుదల తేలిగ్గా ఉన్నప్పుడు ఆ టైర్లని ముందు చక్రాలకి వేసి నడిపితే కొంత సర్దుకుంటుంది, లోతుగా పడితే మాత్రం పోదు, కొత్తవి వేయాల్సిందే. అలైన్‌మెంట్ సరిచేయకుండా కొత్తవి వేస్తే అవి కూడా అదే దారి పడతాయి.

ఇక రబ్బర్. మెత్తటి రబ్బర్ మిశ్రమం రోడ్డుని కొట్టినప్పుడు వంగి దెబ్బని మింగేస్తుంది, గట్టిదైతే కొడుతుంది. వాడేకొద్దీ ఎండకీ గాలికీ రబ్బర్ గట్టిపడుతుంది, పైగా ట్రెడ్ అరిగి పల్చబడి కుషన్ తగ్గుతుంది, అందుకే అదే టైర్ మూడో ఏడాదిలో వేరేలా వినిపిస్తుంది. సైడ్‌వాల్ మీద, అంటే టైర్ పక్క భాగం మీద, డాట్ అన్న ఇంగ్లీష్ అక్షరాల తర్వాత వచ్చే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి, 1522 అంటే 2022లో 15వ వారం. షాపులో "కొత్తదే" అని రెండేళ్ళుగా రాక్‌లో పడున్నది ఇస్తే నేనైతే వద్దంటాను. ఒక చిక్కు మాత్రం ఉంది, మరీ మెత్తటి రబ్బర్ త్వరగా అరుగుతుంది, బ్లాకులు ఊగి ఆ రంపం అరుగుదల కూడా త్వరగా వస్తుంది. రోజూ ఎక్కువ దూరం నడిపేవాళ్ళకి మధ్యస్తంగా ఉన్నదే నయం.

కొనేటప్పుడు ఏం చూడాలంటే, మొదట ట్రెడ్ అంచు చూడండి. అంచులో అడ్డంగా వెడల్పాటి గాడులు బయటికి తెరుచుకుని ఉంటే మోత ఎక్కువ. అడ్డగాడులు సన్నగా, ఏటవాలుగా, మధ్యలోని పొడుగు గాడి దాకా వెళ్ళకుండా ఆగిపోతే మంచిది. మధ్యలో తెగకుండా సాగే రిబ్బులుంటే ఇంకా మంచిది. అడవి దారుల కోసం చేసిన ముతక పట్టు టైర్ల దగ్గర నిశ్శబ్దం ఆశించకండి. సైజు, లోడ్ ఇండెక్స్, స్పీడ్ రేటింగ్ మాత్రం కారు మాన్యువల్‌లో ఉన్నవే. మాన్యువల్‌లో రెండు సైజులిస్తే వెడల్పు తక్కువ, సైడ్‌వాల్ ఎక్కువ ఉన్నది సాధారణంగా నిశ్శబ్దం.

యూరప్ లేబుల్ మీద ఉండే డెసిబెల్ అంకె గురించి కూడా చెప్పాలి. అది కారు బయట 7.5 మీటర్ల దూరంలో మైక్ పెట్టి, ఇంజిన్ ఆపేసి గంటకి 80 దగ్గర దొర్లుతున్నప్పుడు కొలిచింది. 3 డెసిబెల్స్ తగ్గితే శబ్దశక్తి సగమైనట్టు, కాబట్టి 71కీ 68కీ తేడా చిన్నదేం కాదు. కానీ ఆ కొలతలో లోతు స్వరాలకి విలువ తక్కువ, 200 హెర్ట్జ్ దగ్గర దాదాపు 11 డెసిబెల్స్ తీసేస్తారు, కారు లోపల మనల్ని విసిగించేవి ఎక్కువగా అవే. బ్లాకుల మోత బాధ ఉన్నవాళ్ళకి ఈ అంకె పనికొస్తుంది, టైర్ లోపలి గాలి మోత ఉన్నవాళ్ళకి అంతగా కాదు.

మా కేసులో స్పాంజ్ అక్కర్లేదు. మొదట టో సరిచేసి, అడ్డగాడులు మూసుకున్న రకం, అదే సైజు టైర్లు నాలుగూ వేశారు. కొత్తవి వేసిన వెంటనే తీర్పు చెప్పకండి, కొన్ని వందల కిలోమీటర్లు నడిచి పైపొర పోయాకే అసలు శబ్దం తెలుస్తుంది. పోల్చేటప్పుడు అదే రోడ్డు, అదే స్పీడ్, చల్లటి టైర్లకి సరిచూసిన అదే గాలి ఉండాలి, ఎండలో ఒకసారి చలిలో ఒకసారి కొలిస్తే రబ్బర్ మెత్తదనమే మారిపోయి లెక్క తప్పుతుంది.

ఈ వారం పని: మీ టైర్ సైజు, డాట్ అంకెలు, బ్లాకుల లెక్క, 60, 80 దగ్గర గుట్ట ఎక్కడుందో రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ అంకెలతో గరుకు రోడ్డు మీద లోతు మోతని పట్టుకుందాం.